మెయిల్‌లో "సారీ", "జస్ట్" తీసేశాక

మంగళగిరి కాటన్ చీరలు తీసుకోమని బొటిక్‌లకు నేను ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాస్తుంటాను. వాటి మొదటి వాక్యం ఇలా ఉండేది: "సారీ టు బాదర్ యూ, ఐ వాజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్ యూ మైట్ పాసిబ్లీ బీ ఇంట్రెస్టెడ్..." ఫోన్‌లో మెయిల్ తెరవకముందు కనిపించేది ఆ మొదటి ముక్కే. అక్కడ చీర అన్న మాటే లేదు, క్షమాపణ ఒక్కటే ఉంది.

పంపేముందు ఇప్పుడు సారీ, జస్ట్, మేబీ, ఐ థింక్ అనే మాటల్ని వెతికి, ఒక్కొక్కటీ తీసేసి చదువుతాను. అర్థం మారకపోతే ఆ మాట పోయినట్టే. పై వాక్యంలో అవన్నీ తీసేస్తే మిగిలింది "ఆసక్తి ఉందా?" అనే ప్రశ్న. దేని మీద ఆసక్తో, వాళ్లు ఏం చేయాలో అందులో లేదు. అందుకే కొత్తగా రాశాను: "నిజాం అంచు మంగళగిరి చీరలు నేరుగా నేతగాళ్ల దగ్గర నుంచి ఇస్తాం. మూడు శాంపిల్స్ పంపుతాను. ఏ అడ్రస్‌కు పంపమంటారు?" దీనికి ఒక్క లైన్‌లో జవాబు ఇవ్వొచ్చు.

అన్ని అనుమానపు మాటలూ తీసేయకూడదు. వానాకాలంలో గుంటమగ్గం గుంటలోకి నీళ్లొస్తే నేత ఆగిపోతుంది. అప్పుడు "పదో తేదీకి పంపేస్తాం" అంటే అబద్ధమవుతుంది. "మేబీ" అన్నా వాళ్లకు ఉపయోగం లేదు. "వాన తెరిపిస్తే పదికి, లేదంటే ఇరవైకి" అని షరతే రాస్తాను. ప్లీజ్, థాంక్స్ అలాగే ఉంచుతాను. సరుకు నిజంగా ఆలస్యమైతే సారీ కూడా చెబుతాను, ఒక్కసారే, కొత్త తేదీతో కలిపి.