నోటీసు ఇచ్చినా అద్దె ఎప్పుడిస్తారో చెప్పడం లేదా?

సమస్య: అద్దె బాకీ పడింది. ఇంటాయన నోటీసు ఇచ్చాడు. అయినా అద్దెదారు "ఇస్తాను సార్, ఈ నెల కాస్త టైట్‌గా ఉంది" అనడమే తప్ప తేదీ చెప్పడం లేదు.

చాలాసార్లు తప్పు నోటీసులోనే ఉంటుంది. "మూడు నెలల అద్దె వెంటనే కట్టాలి, లేదంటే ఖాళీ చేయండి" అని రాస్తే అద్దెదారు తేదీ గురించి కాదు, లెక్క గురించి వాదన మొదలుపెడతాడు.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. అద్దె 8,000, ప్రతి నెలా 10లోపు కట్టాలి. జూన్‌లో 5,000 ఫోన్‌పేలో వచ్చింది. జూలై, ఆగస్టు అద్దె రాలేదు. అంటే బాకీ 3,000, 8,000, 8,000 కలిపి 19,000. మూడు నెలలని రాస్తే 24,000 అవుతుంది. ఆ ఒక్క తప్పు పట్టుకుని అతను నెల గడిపేస్తాడు. ఒప్పందంలో లేని ఆలస్య రుసుము కలిపినా ఇదే గొడవ.

రెండో కారణం ఉత్తుత్తి బెదిరింపు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 వర్తించే ఇంట్లో కిరాయిదారుగా ఉన్నవారిని అద్దె కట్టలేదని ఖాళీ చేయించాలంటే, రాతపూర్వక నోటీసు అందాక 90 రోజులు దాటితే గానీ దావా వేయడానికి లేదు. ఇది 15వ సెక్షన్. "పది రోజుల్లో సామాను బయట పెడతా" అంటే తెలిసినవాడు నవ్వుకుంటాడు. కోపంతో కరెంటో నీళ్లో ఆపితే 29వ సెక్షన్ కింద ఇంటాయనే ఇరుక్కుంటాడు. కొంతకాలం ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే లీవ్ అండ్ లైసెన్స్ పత్రమైతే దారి వేరు, దాన్ని వకీలుకు చూపించాలి.

పరిష్కారం: నోటీసును ఇలా మార్చండి.

"మన ఒప్పందం 4వ షరతు ప్రకారం ప్రతి నెలా 10వ తేదీలోపు అద్దె చెల్లించాలి. ఆగస్టు 14 నాటికి జూన్ బాకీ 3,000, జూలై 8,000, ఆగస్టు 8,000, మొత్తం 19,000 రూపాయలు రావాలి. ఈ మొత్తాన్ని ఏ తేదీన చెల్లిస్తారో ఆగస్టు 22లోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు. విడతలుగా అయితే ఒక్కో విడత తేదీ, మొత్తం రాయగలరు. లెక్కలో తేడా ఉంటే రసీదుతో చూపించగలరు."

ఒప్పందం మరాఠీలో ఉంటే ఆ షరతును మరాఠీలో ఉన్నదున్నట్టు దించి, కింద తెలుగులో రాయండి. తెలుగు మాత్రమే పెడితే "అక్కడ అలా లేదు" అనే సందు దొరుకుతుంది.

"అడ్వాన్సులో పట్టుకోండి" అని జవాబొస్తే ఒప్పందంలో అడ్వాన్సు షరతు చూడండి. ఖాళీ చేసేటప్పుడే సర్దుబాటు అని ఉంటే ఆ వాక్యాన్నే జవాబుగా పంపండి.

కాగితం చేతికిస్తే రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి, డెలివరీ వివరం దాచుకోండి. 90 రోజులు లెక్కపెట్టేది అతనికి అందిన రోజు నుంచే. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

చెప్పిన తేదీన సగమే వస్తే, అది ఏ నెల బాకీకి జమ చేశారో, ఇంకా ఎంత ఉందో రసీదులో అదే రోజు రాసివ్వండి.