కరెంటు బిల్లుతో కార్బన్ ఫుట్‌ప్రింట్ ప్రసంగం

ప్రార్థన సమావేశంలో కార్బన్ ఫుట్‌ప్రింట్ గురించి మాట్లాడమంటే పిల్లలు నిర్వచనం బట్టీపట్టి, రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి కరెంటు బిల్లు చేతికిచ్చాను. పావుగంటలో ప్రసంగం తయారైంది.

మొదట ఒక్క వాక్యంలో అర్థం: "మన పనుల వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల మొత్తమే మన కార్బన్ ఫుట్‌ప్రింట్." వెంటనే లెక్క. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మా బిల్లులో 200 యూనిట్లున్నాయి, అంటే 140 కిలోలు. ఇంట్లో నలుగురం కాబట్టి తలకు 35. ఇక్కడ మా అమ్మాయి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలను గుర్తుచేసింది. విజయవాడ పిల్లలకు అంతకంటే వివరణ అక్కర్లేదు.

తగ్గించే మార్గం ఒక్కటే చెప్పించండి, లెక్కతో సహా. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22.5 యూనిట్లు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 9 చాలు. ఆదా 13.5 యూనిట్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు.

జాగ్రత్త: గుణించాల్సింది యూనిట్లను, రూపాయలను కాదు. ఇంటిపై సోలార్ పలకలుంటే బిల్లులోని నికర యూనిట్లతో ఈ లెక్క సరిపోదు. పెట్రోలు, గ్యాసు, తిండి ఇందులో లేవు కనుక "ఇది మా ఇంటి కరెంటు వాటా మాత్రమే" అని పిల్లలతో తప్పక చెప్పించండి.