చలికాలం పంటకు సీడ్ వదిలే ముందు వేసుకోవలసిన మూడు లెక్కలు

వనామీ రొయ్యల చెరువులో చలికాలం పంట వేయాలనుకునే రైతు నీటిని, సీడ్‌ను, అంటే వదిలే రొయ్య పిల్లలను, ఎంత శ్రద్ధగా పరీక్ష చేయిస్తాడో, పెట్టుబడిని కూడా అంతే శ్రద్ధగా పరీక్షించుకోవాలి. నీటి ఉష్ణోగ్రత తగ్గినప్పుడు, పగటికీ రాత్రికీ మధ్య తేడా పెరిగినప్పుడు తెల్లమచ్చల వైరస్ విజృంభించే అవకాశం ఎక్కువ కాబట్టి, వేసవి పంటకు వేసుకున్న అంచనానే ఈ పంటకూ వాడుకోవడం ప్రమాదకరం.

ఒక ఎకరం లీజు చెరువును ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. మీ ప్రాంతపు ధరలను వాటి స్థానంలో పెట్టుకోవాలి. లక్ష పిల్లలు వదిలితే 75 శాతం బతికి, 50 కౌంట్‌కు, అంటే కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకు, వచ్చేసరికి 1,500 కిలోలు అవుతాయి. లీజు, చెరువు తయారీ, సీడ్ కలిపి 1,00,000 రూపాయలు. కరెంటు, డీజిల్, కూలీలు, మందులు కలిపి 1,10,000 రూపాయలు. కిలో రొయ్యకు 1.4 కిలోల చొప్పున, కిలో మేత 100 రూపాయలకు, మేత ఖర్చు 2,10,000. కిలో 330 రూపాయలకు అమ్మితే 4,95,000 వస్తుంది, 75,000 మిగులుతుంది.

మొదట సున్నితత్వ విశ్లేషణ చేయాలి, అంటే మిగతావన్నీ అలాగే ఉంచి, ఒక్కొక్క అంశాన్ని 10 శాతం మన నష్టం వైపు జరిపి చూడాలి. అమ్మకం ధర తగ్గితే మిగులు 25,500కు పడిపోతుంది. బతికే శాతం 75 నుంచి 67.5కు తగ్గితే 46,500, మేత ధర పెరిగితే 54,000 మిగులుతుంది. మొదటి లక్షలో సీడ్ వాటా 40,000 అనుకుంటే, దాని ధర పెరిగినా పోయేది 4,000 మాత్రమే కనుక, సీడ్ దగ్గర పైసలు మిగుల్చుకోవాలని నాసిరకం హేచరీకి వెళ్లడం ఏ విధంగానూ తగదు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తీసే ధర మాత్రం రైతు చేతిలో లేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే ఆంధ్రప్రదేశ్‌లో చెరువుగట్టు ధరలు పడిపోయిన సంగతి మనకు తెలిసిందే.

తరువాత లాభం, నష్టం రెండూ లేని స్థానాన్ని, అంటే బ్రేక్ ఈవెన్‌ను చూడాలి. మేత పోగా కిలోకు 190 రూపాయలు మిగులుతున్నాయి. మిగిలిన 2,10,000 ఖర్చు రాబట్టడానికి సుమారు 1,105 కిలోలు, అంటే 55 శాతం బతకడం చాలు. ఈ అంకె ధైర్యం కలిగిస్తుంది గాని, దానిని నమ్మి ముందుకు వెళ్లకూడదు. రొయ్యలు మధ్యలో చనిపోయినప్పుడు అవి అప్పటిదాకా తిన్న మేత ఖర్చు కూడా బతికిన వాటి మీదే పడుతుంది కాబట్టి ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టే మేత, 1.4 దగ్గర ఆగదు. దానిని 1.6గా తీసుకుంటే మిగిలేది కిలోకు 170 మాత్రమే, బతకవలసింది 62 శాతం. మేతను దుకాణంలో అరువుకు తెచ్చుకునే వారు వడ్డీ కలిసిన ధరతోనే ఈ లెక్క వేసుకోవాలి. నగదు ధరతో వేస్తే నష్టపు హద్దు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది.

ఈ రెండు లెక్కలూ చూపలేని ప్రమాదాన్ని మూడవదైన సినారియో విశ్లేషణ చూపుతుంది. జబ్బు వచ్చినప్పుడు అంశాలు విడివిడిగా 10 శాతం కదలవు, అన్నీ కలిసే చెడిపోతాయి. యాభయ్యవ రోజు దాటాక తెల్లమచ్చలు కనిపించి, రొయ్యలు గట్ల వెంట తేలుతున్నాయనుకుందాం. వెంటనే పట్టుబడి చేస్తే 100 కౌంట్‌లో 60,000 రొయ్యలు, అంటే 600 కిలోలు దొరుకుతాయి. చుట్టుపక్కల చెరువుల వారూ అదే వారంలో పట్టుబడి చేస్తారు కాబట్టి చిన్న కౌంట్ ధర మరింత దిగి, 200కు అమ్ముడుపోతే వచ్చేది 1,20,000. అప్పటికి మేతకు 80,000, కరెంటు, కూలీలు, మందులకు 60,000, మొదట పెట్టిన లక్ష కలిపి ఖర్చు 2,40,000 అవుతుంది. ఎకరానికి నష్టం 1,20,000. పంట బాగా వచ్చినప్పుడు మిగిలే 75,000 కన్నా ఇది ఎక్కువ అన్న విషయాన్ని సీడ్ వదలడానికి ముందే కుటుంబంలో అందరూ చూడాలి.

సాధారణ పరిస్థితి, ధర మాత్రమే పడిపోయిన పరిస్థితి, జబ్బుతో తొందర పట్టుబడి: ఈ మూడింటిని విడివిడిగా రాసుకుంటే చాలు. ఏది ఎన్ని సంవత్సరాలకు ఒకసారి వస్తుందో మీ కాలువ మీది చెరువుల వారిని అడిగి తెలుసుకోవాలి, సగటు వేసి ఊరుకోకూడదు. సగటులో లాభం కనిపించినా, ఒక్క చెడు పంటకే అప్పు తీర్చలేని స్థితికి వచ్చిన రైతుకు తరువాతి మంచి పంట వేసే అవకాశమే ఉండదు.

అందుచేత ఎన్ని ఎకరాలు వేయాలన్నది మూడవ లెక్క నుంచే తేల్చుకోవాలి. చేతిలో ఉన్న పొదుపులో పోయినా ఇల్లు గడిచేది రెండున్నర లక్షలే అయితే, నాలుగు ఎకరాలు లీజుకు దొరికినా రెండింటిలోనే సీడ్ వదలాలి.