పేరుకుపోయిన నష్టాలను మూలధన తగ్గింపుతో రద్దు చేసి కొత్త బ్యాలెన్స్ షీట్ తయారు చేయడం ఎలా?

కొన్నేళ్లు వరుసగా నష్టాల్లో నడిచిన కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో వాటా మూలధనం పాత అంకెతోనే నిలిచి ఉంటుంది, కానీ దాని వెనుక అంత విలువ గల ఆస్తులు మిగిలి ఉండవు. కంపెనీని మూసివేయకుండా, కొత్త కంపెనీని పెట్టకుండా, ఉన్న కంపెనీలోనే వాటాదారుల, రుణదాతల హక్కులను కొంత తగ్గించి, ఆ మేరకు నష్టాలను, విలువ లేని ఆస్తులను పుస్తకాల నుండి తొలగించడమే అంతర్గత పునర్నిర్మాణం. దీన్ని ఒక ఊహాత్మక కంపెనీ ఉదాహరణతో మొదటి నుండి చివరి వరకు చూద్దాం. అంకెలన్నీ లక్షల రూపాయల్లో ఉన్నాయి.

| అప్పులు, మూలధనం | మొత్తం | ఆస్తులు | మొత్తం |
|---|---|---|---|
| ఈక్విటీ షేర్లు (10 లక్షలు, ఒక్కోటి రూ.10) | 100.00 | గుడ్‌విల్ | 12.00 |
| 7.5% ప్రిఫరెన్స్ షేర్లు (40,000, ఒక్కోటి రూ.100) | 40.00 | భూమి, భవనాలు | 40.00 |
| 9% డిబెంచర్లు | 30.00 | యంత్రాలు | 56.00 |
| చెల్లించవలసిన డిబెంచర్ వడ్డీ | 2.70 | సరుకు నిల్వ | 18.00 |
| వ్యాపార రుణదాతలు | 27.30 | రావలసిన బాకీలు | 20.00 |
| | | బ్యాంకు నిల్వ | 2.00 |
| | | ప్రాథమిక ఖర్చులు | 2.00 |
| | | డిబెంచర్ల జారీపై డిస్కౌంటు | 1.00 |
| | | లాభనష్టాల ఖాతా (డెబిట్ నిల్వ) | 49.00 |
| మొత్తం | 200.00 | మొత్తం | 200.00 |

సులభంగా అర్థమవుతుందని ఇక్కడ నష్టాన్ని పాత పద్ధతిలో ఆస్తుల వైపు చూపించాను. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 నమూనాలో అదే నష్టం రిజర్వులు, మిగులు అనే శీర్షిక కింద రుణాత్మక అంకెగా వస్తుంది. చూపించే చోటు మారుతుందే తప్ప లెక్క మారదు.

మొదటి దశ: ఎంత మొత్తం రద్దు కావాలో తేల్చుకోవడం

ముందుగా అమ్మినా రూపాయి రానివాటిని వేరు చేయాలి. లాభనష్టాల ఖాతాలోని 49, ప్రాథమిక ఖర్చులు 2, డిబెంచర్ల డిస్కౌంటు 1 పూర్తిగా కల్పిత ఆస్తులు. గుడ్‌విల్ కనిపించని ఆస్తే గానీ కల్పిత ఆస్తి కాదు. అయినా వరుస నష్టాల్లో ఉన్న కంపెనీకి గుడ్‌విల్ ఉందని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు కనుక ఆ 12 కూడా పోవలసిందే. ఇవన్నీ కలిపి 64.

తర్వాత నిజమైన ఆస్తుల విలువను నిపుణుల చేత మదింపు చేయించాలి. యంత్రాల విలువ 44 మాత్రమేనని, సరుకు 15కు మించదని, బాకీల్లో 2 వసూలు కావడం అనుమానమేనని తేలిందనుకుందాం. అప్పుడు మరో 17 రద్దు చేయాలి. ఈ రెండూ కలిపి 81.

ఈ దశలో భవనాల విలువను పెంచి గుంతలో కొంత పూడ్చుదామనే ఆలోచన తరచు వస్తుంది. పాఠ్య పుస్తకాల్లోని లెక్కల్లో అలా చేస్తారు కూడా. అయితే అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం పెరిగిన విలువ సాధారణంగా పునర్మూల్యాంకన రిజర్వులోకి వెళ్లాలి. పైగా అది ఇంకా చేతికి రాని లాభం. నష్టాన్ని దానితో తుడిచేస్తే బ్యాలెన్స్ షీట్ బలం కాగితానికే పరిమితమవుతుంది. అందుకే ఈ ఉదాహరణలో భవనాలను ముట్టుకోవడం లేదు.

బ్యాలెన్స్ షీట్‌లో కనిపించని అంశం ఒకటి మిగిలింది. ప్రిఫరెన్స్ షేర్లు సంచిత డివిడెండ్ గలవి. వాటికి ఏటా 3 చొప్పున మూడేళ్ల డివిడెండ్, అంటే 9, బకాయి పడి ఉంది. డివిడెండ్ ప్రకటించే వరకు అది అప్పు కాదు కనుక పుస్తకాల్లో ఎక్కడా పద్దు ఉండదు, వివరణలో మాత్రమే పేర్కొంటారు. దీన్ని మరచిపోతే పథకం పూర్తయ్యాక వచ్చే మొదటి లాభాలన్నీ పాత బకాయికే పోతాయి. ఇక్కడ రెండేళ్ల బకాయిని వారు వదులుకున్నారని, ఒక ఏడాది బకాయి 3కు బదులుగా కొత్త విలువ గల ఈక్విటీ షేర్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారని అనుకుందాం. పథకం అమలు ఖర్చు 1 కూడా కలిపితే కావలసిన మొత్తం 85 అవుతుంది.

రెండో దశ: ఎవరు ఎంత వదులుకోవాలి?

మొత్తం పథకంలో ఆలోచన ఎక్కువ పెట్టవలసిన చోటు ఇదే. సూత్రం సులభమైనది: నష్టాన్ని మొదట ఈక్విటీ వాటాదారులు భరించాలి, వారి మూలధనం చాలకపోతేనే ప్రిఫరెన్స్ వాటాదారుల అసలును ముట్టుకోవాలి. మన కంపెనీలో నిజమైన ఆస్తుల విలువ 119 (భవనాలు 40, యంత్రాలు 44, సరుకు 15, బాకీలు 18, బ్యాంకు 2). బయటి అప్పులు 60, ప్రిఫరెన్స్ మూలధనం 40 తీసివేస్తే ఈక్విటీకి మిగిలేది 19. అంటే పుస్తకాల్లో పది రూపాయలుగా కనిపిస్తున్న షేరు వెనుక ఉన్నది రూ.1.90. అందుకే ఒక్కో షేరును 10 రూపాయల నుండి 2 రూపాయలకు తగ్గిస్తే అది వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. దీనివల్ల 80 లభిస్తుంది. ప్రిఫరెన్స్ అసలును తగ్గించవలసిన అవసరం లేదు. రెండేళ్ల బకాయిని వదులుకోవడమే వారి త్యాగం.

మిగిలిన మొత్తం రుణదాతల నుండి రావాలి. డిబెంచర్‌దారులు చెల్లించవలసిన వడ్డీ 2.70ని, వ్యాపార రుణదాతలు తమ బాకీలో 3.30ని మాఫీ చేస్తారు. పుస్తకాల ప్రకారం అప్పులు పూర్తిగా తీరేలా ఉన్నప్పుడు వారు ఎందుకు ఒప్పుకుంటారని అడగవచ్చు. కంపెనీ మూతపడితే 44 విలువ గల యంత్రాలు వేలంలో అంతకు అమ్ముడుపోవు, పూచీకత్తు లేని వ్యాపార రుణదాతల వంతు డిబెంచర్‌దారుల తర్వాతే వస్తుంది. నడిచే కంపెనీ నుండి 24 రావడం వారికి మేలే. మొత్తం మీద 86 సమకూరింది, కావలసింది 85.

మూడో దశ: అనుమతులు

భారతదేశంలో కేవలం వాటా మూలధనాన్ని మాత్రమే తగ్గించేటప్పుడు కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 66 వర్తిస్తుంది. ప్రత్యేక తీర్మానం ఆమోదించి, జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ధృవీకరణ పొందాలి. ట్రిబ్యునల్ కేంద్ర ప్రభుత్వానికి, రిజిస్ట్రారుకు, రుణదాతలకు నోటీసు ఇస్తుంది. అభ్యంతరాలు తెలపడానికి మూడు నెలల గడువు ఉంటుంది. తీసుకున్న డిపాజిట్ల చెల్లింపులో బకాయి ఉన్న కంపెనీకి ఈ దారి మూసుకుపోయినట్లే. ప్రతిపాదించిన అకౌంటింగ్ విధానం ప్రమాణాలకు అనుగుణంగా ఉందని ఆడిటర్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

మన ఉదాహరణలో రుణదాతలతో రాజీ కూడా ఉంది కనుక సెక్షన్ 230 కింద ఒకే పథకంగా వెళ్లడం అనువుగా ఉంటుంది. ఒక్కో వర్గం సమావేశంలో ఓటు వేసినవారిలో, విలువ ప్రకారం నాలుగింట మూడు వంతులకు ప్రాతినిధ్యం వహించే మెజారిటీ దాన్ని ఆమోదించాలి. ఆ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఉత్తర్వుతో జరిగే మూలధన తగ్గింపుకు మళ్లీ విడిగా సెక్షన్ 66 వర్తించదు. ఉత్తర్వు అమల్లోకి రాకముందే పుస్తకాల్లో పద్దులు రాయకూడదు.

నాలుగో దశ: చిట్టా పద్దులు

అన్ని పద్దులూ మూలధన తగ్గింపు ఖాతా అనే తాత్కాలిక ఖాతా గుండా వెళ్తాయి. ఎవరు ఏది వదులుకున్నా దానికి క్రెడిట్, ఏది రద్దు చేసినా దానికి డెబిట్.

మొదటి పద్దు: ఈక్విటీ వాటా మూలధనం (రూ.10) ఖాతాకు 100 డెబిట్ చేసి, ఈక్విటీ వాటా మూలధనం (రూ.2) ఖాతాకు 20, మూలధన తగ్గింపు ఖాతాకు 80 క్రెడిట్ చేయాలి. ముఖ విలువే మారింది కనుక పాత ఖాతాను పూర్తిగా మూసి కొత్త ఖాతా తెరవాలి. ముఖ విలువ పది రూపాయలుగానే ఉంచి, చెల్లించిన మొత్తాన్ని మాత్రమే 2కు తగ్గిస్తే పాత ఖాతాకే 80 డెబిట్ చేస్తే సరిపోతుంది. అయితే అప్పుడు వాటాదారుపై మిగిలిన 8 రూపాయలు పిలిచే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ బాధ్యతను కూడా రద్దు చేస్తున్నారో లేదో తీర్మానంలో స్పష్టంగా ఉండాలి. విద్యార్థులే కాక అనుభవజ్ఞులు కూడా ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంటారు.

రెండో పద్దు: డిబెంచర్ వడ్డీ బకాయి ఖాతాకు 2.70, వ్యాపార రుణదాతల ఖాతాకు 3.30 డెబిట్ చేసి, మూలధన తగ్గింపు ఖాతాకు 6 క్రెడిట్ చేయాలి. దీంతో ఆ ఖాతా క్రెడిట్ వైపు 86 అవుతుంది.

మూడో పద్దు: ప్రిఫరెన్స్ డివిడెండ్ బకాయికి బదులుగా 1,50,000 ఈక్విటీ షేర్లు (ఒక్కోటి రూ.2) జారీ చేసినందుకు మూలధన తగ్గింపు ఖాతాకు 3 డెబిట్, ఈక్విటీ వాటా మూలధనం (రూ.2) ఖాతాకు 3 క్రెడిట్. వదులుకున్న రెండేళ్ల బకాయి 6కు పద్దేమీ రాయనక్కర్లేదు, ఎందుకంటే అది పుస్తకాల్లోకి ఎన్నడూ రాలేదు.

నాలుగో పద్దు: ఖర్చుల కోసం మూలధన తగ్గింపు ఖాతాకు 1 డెబిట్, బ్యాంకు ఖాతాకు 1 క్రెడిట్.

ఐదో పద్దు: మూలధన తగ్గింపు ఖాతాకు 81 డెబిట్ చేసి, లాభనష్టాల ఖాతాకు 49, గుడ్‌విల్‌కు 12, యంత్రాలకు 12, సరుకు నిల్వకు 3, అనుమానాస్పద బాకీల కేటాయింపుకు 2, ప్రాథమిక ఖర్చులకు 2, డిబెంచర్ల డిస్కౌంటుకు 1 క్రెడిట్ చేయాలి.

ఇప్పుడు ఖాతాలో 1 మిగులుతుంది. దాన్ని మూలధన రిజర్వుకు బదిలీ చేసి ఖాతాను మూసేయాలి. వ్యాపారంలో సంపాదించిన లాభం కాదు కనుక దాన్ని లాభనష్టాల ఖాతాకు గానీ, సాధారణ రిజర్వుకు గానీ పంపకూడదు.

ఐదో దశ: కొత్త బ్యాలెన్స్ షీట్

| అప్పులు, మూలధనం | మొత్తం | ఆస్తులు | మొత్తం |
|---|---|---|---|
| ఈక్విటీ షేర్లు (11,50,000, ఒక్కోటి రూ.2) | 23.00 | భూమి, భవనాలు | 40.00 |
| 7.5% ప్రిఫరెన్స్ షేర్లు | 40.00 | యంత్రాలు | 44.00 |
| మూలధన రిజర్వు | 1.00 | సరుకు నిల్వ | 15.00 |
| 9% డిబెంచర్లు | 30.00 | రావలసిన బాకీలు 20, కేటాయింపు పోను | 18.00 |
| వ్యాపార రుణదాతలు | 24.00 | బ్యాంకు నిల్వ | 1.00 |
| మొత్తం | 118.00 | మొత్తం | 118.00 |

రెండు వైపులా కూడిక కలిసినంత మాత్రాన సరిపోదు. పాత షీటు నుండి విడిగా సరిచూడాలి. ఆస్తుల వైపు 200లో నుండి రద్దయిన 81, ఖర్చు 1 తీసేస్తే 118. అప్పుల వైపు 200లో నుండి వదులుకున్న 86 తీసి, కొత్త షేర్లు 3, రిజర్వు 1 కలిపితే 118. కొత్త షీటులో మూలధన తగ్గింపు ఖాతా ఎక్కడైనా కనిపించిందంటే చివరి పద్దు మరచిపోయారని అర్థం. లాభనష్టాల డెబిట్ నిల్వ కొంచెమైనా మిగిలి ఉంటే, నష్టాన్ని రద్దు చేయకుండా యంత్రాల విలువనో గుడ్‌విల్‌నో ముందు తీసేశారని తెలుసుకోవచ్చు.

షెడ్యూల్ 3 ప్రకారం యంత్రాలను తగ్గించిన అంకెతోనే చూపుతూ, తగ్గించిన మొత్తాన్ని, తేదీని తర్వాతి ఐదేళ్ల పాటు వివరణలో ఇవ్వాలి. ఇకపై తరుగుదల 56 మీద కాక 44 మీద లెక్కిస్తారు, పాత నష్టం అడ్డు లేదు కనుక రాబోయే లాభం నుండి డివిడెండ్ ప్రకటించే వీలు కలుగుతుంది.

అయితే ఈ పనంతటిలో కంపెనీలోకి కొత్తగా ఒక్క రూపాయి కూడా రాలేదు. ఖర్చుల వల్ల బ్యాంకు నిల్వ 2 నుండి 1కి పడిపోయింది. ఆ ఒక్క లక్షతో, డిబెంచర్లపై ఏటా కట్టవలసిన 2.70 లక్షల వడ్డీతో సహా వ్యాపారం నడపడం కష్టం. అందుకే అనుభవం ఉన్నవారు పథకంలోనే పాత వాటాదారులకు కొత్త ఈక్విటీ జారీ చేసే షరతును చేరుస్తారు. షేరు విలువ రూ.2కు దిగివచ్చాక దానికి డబ్బు పెట్టమని అడగడం, పది రూపాయల షేరుకు అడగడం కంటే సులభం.