నానమ్మ కాగితంలోని మానెడు, పిరికెడు గ్రాముల్లోకి మార్చాక సకినాలు చెడుతున్నాయా?

సంక్రాంతికి నెల ముందు నుంచి నాకు ఫోన్‌లో ఫోటోలు వస్తుంటాయి. నూనె మరకల కాగితం, పైన ఊదారంగు సిరాతో నాలుగు వరుసలు, కింద ఒక ప్రశ్న: "దీన్ని గ్రాముల్లోకి మార్చి ఐదు కిలోలకు చెప్తవా?" మార్చడం పెద్ద పని కాదు. మార్చిన తర్వాత ఎందుకు కుదరలేదో పట్టుకోవడమే పని. ఇక్కడ సకినాలనే తీసుకుని చెప్తాను. నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలో నుంచి నాకొచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం అవే. పైగా ఒక మోసం అందులోనే బాగా కనిపిస్తుంది. సకినాలు చుట్టడం, కాల్చడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: కాగితంలో ఏదో తక్కువైనట్టుంది

ముందు కాగితం తిప్పి చూడండి. నవ్వకండి, సగం మంది చూడరు. ఉప్పు వెనకవైపు రాసి ఉంటుంది, లేకపోతే అంచున నిలువుగా రాసి ఉంటుంది, ఫోటోలో ఆ అంచు తెగిపోతుంది. ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, నాలుగు మూలలూ కనిపించేలా రెండు వైపులా తీయండి. చదవలేని మాటను ఊహించి నింపొద్దు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, రాసిన మనిషికి గానీ పక్కన కూర్చుని చేసిన మనిషికి గానీ ఫోన్ చేయండి.

సమస్య: రుచి ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

కారణం చెయ్యి. పిరికెడు అంటే మూసిన పిడికిట్లో ఆగినంత, చారెడు అంటే గుంతగా పెట్టిన ఒక అరచేతిలో పట్టినంత, దోసెడు అంటే రెండు చేతులూ కలిపితే పట్టినంత. మీ పిరికెడు వేరు, మీ నానమ్మ పిరికెడు వేరు. కాబట్టి తూచాల్సింది ఆమె చెయ్యి.

"నానమ్మా, పిరికెడు చూపించు" అంటే ఆమె జాగ్రత్త పడి, ఎప్పుడూ తీయనంత చక్కగా తీసి చూపిస్తుంది. అలా అడగొద్దు. నువ్వుల డబ్బాను వంటింటి చిన్న కాంటా మీద పెట్టి, సున్నా చేసి, పిండి గిన్నె పక్కన పెట్టి, "ఎప్పటిలెక్క వెయ్యి" అనండి. ఆమె తీశాక కాంటా మీద మైనస్‌లో కనిపించే అంకే ఆమె దోసెడు. మూడుసార్లు తీయించి సగటు వేయండి. ఉప్పు మాత్రం ఆమె వాడిన ఉప్పుతోనే తూచాలి. దొడ్డు ఉప్పు పిరికెడు, మెత్తటి ఉప్పు పిరికెడు ఒక్క బరువు ఉండవు. ఒక్కసారి గ్రాములు వచ్చాక ఏ ఉప్పు వాడినా ఫర్వాలేదు.

మానిక, సోల కూడా ఇంతే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అనే లెక్క అందరికీ ఒకటే గానీ, గిన్నె సైజు ఊరికో తీరు. పుస్తకంలో చూసి లీటర్లు వేయకండి. ఆ ఇంటి మానికనే తెచ్చి నీళ్లు నింపి తూచండి. ఎన్ని గ్రాముల నీళ్లో అన్ని మిల్లీలీటర్లు. పైన కుప్ప పోసి కొలిచేవారా, అంచుకు సమంగా తీసేవారా అని కూడా అడగండి.

ఇంతవరకు శ్రద్ధ ఉన్న ఎవరైనా చేస్తారు. అన్నీ సరిగ్గా చేసినా చెడిందంటే కింది కారణం చూడండి.

సమస్య: చెయ్యి తూచాను, గిన్నె కొలిచాను, అయినా ఉప్పు ఎక్కువైంది, సకినాలు నూనెలో విరిగిపోతున్నాయి

మిర్యాలగూడ నుంచి వరసకు చెల్లెలయ్యే ఒకామె పంపిన కాగితం ఇలా ఉంది:

సకినాలు. మానెడు కొత్త బియ్యం. నువ్వులు రెండు దోసిళ్లు. ఓమ పిరికెడు. ఉప్పు పిరికెడు లోపు. నీళ్లు చూసుకొని.

ఆమె చాలా పద్ధతిగా చేసింది. నానమ్మ మానికే తెచ్చింది, అందులో 1,200 మిల్లీలీటర్ల నీళ్లు పట్టాయి. నానమ్మ చేతిని తూచింది: దోసెడు నువ్వులు సగటున 125 గ్రాములు, రెండు దోసిళ్లకు 250. ఓమ 18, ఉప్పు 22. తర్వాత కొట్టు నుంచి పొడి బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి, మానిక నిండా కొలిచి, అన్నీ కలిపింది. చుట్టేటప్పుడే పిండి నువ్వుల దగ్గర తెగింది, మూకుట్లో వేస్తే ముక్కలైంది. తిన్నవాళ్లు మంచినీళ్లు అడిగారు. ఆమెకొచ్చిన అనుమానం: "నానమ్మకు ఇప్పుడు చెయ్యి గుర్తులేదేమో అన్నా."

నానమ్మ చెయ్యి బాగానే ఉంది. తప్పంతా 'మానెడు' దేన్ని కొలిచిందన్న దగ్గర ఉంది. కాగితంలో ఉన్నది బియ్యం. నానబెట్టక ముందు, కడగక ముందు, బస్తాలోంచి తీసిన పొడి బియ్యం. ఆ మానికలో సమంగా తీసిన బియ్యం 980 గ్రాములు తూగింది. అదే మానికలో వదులుగా పోసిన ప్యాకెట్ పిండి దాదాపు 700 గ్రాములే. పిండి మధ్య గాలి ఉంటుంది, అందుకే బియ్యమంత బరువు ఎక్కదు. అంటే 980 గ్రాముల బియ్యానికి లెక్కేసిన ఉప్పు, నువ్వులు 700 గ్రాముల పిండిలో పడ్డాయి. ఉప్పు 2.2 శాతం ఉండాల్సింది 3.1 దాటింది. నువ్వులు పావు వంతు ఉండాల్సింది మూడో వంతు దాటాయి. అన్ని నువ్వులను పట్టి ఉంచేంత పిండి అక్కడ లేదు. విరగక ఏం చేస్తుంది?

తడిపిండి వాడినవాళ్లకు ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. బియ్యం రాత్రంతా నానితే నీళ్లు పీల్చి కిలోకు దాదాపు కిలోంపావు అవుతుంది. గిర్నీలో పట్టిస్తే పొంగి, మానెడు బియ్యం మానికన్నర దాటిన పిండి అవుతుంది. ఇంట్లో ముందే పట్టించిన పిండిలోంచి ఒక మానిక తీసుకున్నారనుకోండి, అందులో నానమ్మ లెక్కలోని బియ్యం మూడింట రెండు వంతుల లోపే ఉంటుంది, మిగతాది గాలి, నీళ్లు. అప్పుడు ఉప్పు ఇంకా ఎక్కువ కొడుతుంది. ఇలాంటి కాగితాన్ని ఐదింతలు చేస్తే తప్పు కూడా ఐదింతలు పిండిలో పడుతుంది, అంతే.

ఇది ఎందుకు కనిపించదంటే, రాసిన మనిషికి ఆ అనుమానమే రాదు. ఆమె పని బియ్యం చేటలో పోసుకోవడంతో మొదలవుతుంది, కొలత అక్కడే అయిపోతుంది. మన పని పిండి ప్యాకెట్ కత్తిరించడంతో మొదలవుతుంది. మార్చేటప్పుడు "బియ్యం" అన్న మాటను మనమే "బియ్యప్పిండి" అని సాపు చేసి రాసేస్తాం, అదేదో మేలు చేసినట్టు.

పట్టుకునే పద్ధతి ఇది. "పిండి ఎంత?" అని అడగొద్దు, ఆమె ఆలోచించి ఏదో ఒకటి చెప్తుంది. "మానిక చేతిలోకి ఎప్పుడు తీసుకుంటావు?" అని అడగండి. "నానబోసేటప్పుడు" అంటే లెక్క తేలిపోయింది. ఆమె లేకపోతే నీళ్ల వరుస చూడండి. పొడిపిండికి నీళ్లు బాగా పడతాయి కాబట్టి రాసేవాళ్లు ఏదో ఒక కొలత ఇస్తారు. "చూసుకొని", "చిలకరించి" అని ఉంటే ఆ పిండిలో ముందే తడి ఉందని అర్థం. ఇంకో ఆధారం, ఆ రోజు పిండి ఏ బేసిన్‌లో కలిపేవారో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటుంది. అది పెద్ద బేసిన్ అయితే కొలిచింది బియ్యమే, మానెడు పిండికి అంత పెద్దది అక్కర్లేదు.

సరిచేయడం సులువే. ప్రతి వస్తువు పక్కన బరువుతో పాటు ఏ స్థితిలో తూచారో రాయండి. చెల్లెలి కాగితం చివరికి ఇలా తయారైంది:

- కొత్త బియ్యం, పొడిగా, కడగక ముందు: 1 కిలో
- నువ్వులు, వేయించనివి: 255 గ్రాములు
- ఓమ: 18 గ్రాములు
- ఉప్పు: 22 గ్రాములు
- నీళ్లు, తడిపిండి జల్లించాక కలపడానికి: 350 నుంచి 400 మిల్లీలీటర్లు

980 గ్రాములకు వచ్చిన అంకెలను కిలోకు మార్చి, గుండ్రం చేశాం. నీళ్ల అంకె కోసం జగ్గులో కొలిచిన నీళ్లు పోసి, నానమ్మను కలపమని, మిగిలినవి తీసేసి లెక్కేశాం. బియ్యం నాని, ఓడ్చాక ఎంత తూగిందో కూడా పక్కన రాయించాను. వచ్చేసారి బియ్యం ఎక్కువ తడిగా ఉంటే ఆ తేడా మేరకు నీళ్లు తగ్గించుకోవచ్చు.

ప్యాకెట్ పిండే వాడతానంటే మానికతో కాదు, కిలో బియ్యానికి కిలో పిండి తూచండి. నానినప్పుడు బియ్యం తాగే పావు లీటరు నీళ్లు ముందే చిలకరించి, తడిగుడ్డ కప్పి కొంతసేపు ఉంచండి. ఉప్పు సరిపోతుంది. కానీ సకినాలు తడిపిండివంత గుల్లగా రావు, గట్టిగానే ఉంటాయి. ఆ తేడా కొలతలతో పోదు.

ఈ మోసం సకినాలతో ఆగదు. సర్వపిండిలో శనగపప్పు నానక ముందా, నానాకా? పల్లీలు పప్పుగా కొలిచారా, దంచి కొలిచారా? మామిడికాయ తొక్కులో బరువు కాయదా, టెంక తీసిన ముక్కలదా? అన్నిటికీ అదే ప్రశ్న వేయండి: కొలిచేటప్పుడు అది ఏ రూపంలో ఉంది?

సమస్య: కిలోకు కుదిరింది, ఐదు కిలోలకు కుదరలేదు

నువ్వులు 1,275, ఓమ 90, ఉప్పు 110 గ్రాములు. ఇవి నేరుగా గుణిస్తే చాలు. నీళ్లు మాత్రం గుణించిన దాంట్లో పదో వంతు ఆపుకుని, చివర్లో చూసి పోయండి. మూకుడు నూనె ఐదింతలు అక్కర్లేదు, మూకుడు నిండేంత, తగ్గినప్పుడు కొంత. ఐదు కిలోల పిండి ఒకేసారి నీళ్లు పోసి కలిపితే చుట్టేలోపు ఆరిపోయి తెగుతుంది, కొలత తప్పిందని మళ్లీ నాకు ఫోటో పెడతారు. పొడి వస్తువులన్నీ ఒకేసారి కలిపి, నీళ్లు మాత్రం కిలో చొప్పున కలుపుకోండి. మిగతా పిండి మీద తడిగుడ్డ ఉండాలి, పని ఆ రోజే ముగియాలి.

అరుదైనవి

చాలా పాత కాగితంలో అంకె పక్కన నిలువు గీతలుంటే అవి పదకొండు, నూటపదకొండు కాదు. ఒక గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. శేరు అని ఉంటే కిలో కాదు, 80 తులాలు, సుమారు 933 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్లో తులం 10 గ్రాములు, పాత తులం 11.66. ఇవి నిజంగా అడ్డొచ్చిన కాగితాలు చాలా తక్కువ, వీటి కోసం తల బద్దలు కొట్టుకునే ముందు మానిక ఎప్పుడు చేతిలోకి తీసుకునేవారో అడిగి రండి.