అతుకు దగ్గర తడబడే నడకను సరిచేసిన విధం

ఒక స్త్రీ వరండా దాటి పెరట్లోకి నడిచే దృశ్యాన్ని, చిత్రం నుంచి వీడియో తయారుచేసే ఏఐ మోడల్‌తో 5 సెకన్ల క్లిప్పులుగా చేయించి, మొదటి క్లిప్ చివరి ఫ్రేమ్‌నే రెండో క్లిప్‌కు మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చాను. బొమ్మ చక్కగా కలిసింది, కానీ అతుకు దగ్గర ఆమె క్షణం పాటు ఆగి మళ్లీ నడిచినట్టు కనిపించింది. నిశ్చల చిత్రంలో భంగిమ ఉంటుంది గాని వేగం ఉండదు. అందుకే మోడల్ తరచూ మొదటి క్లిప్ చివర నడకను నెమ్మదింపజేసి, రెండో దాన్ని దాదాపు నిలిచిన స్థితి నుంచి మొదలుపెడుతుంది. పైగా ఒకే ఫ్రేమ్ రెండుసార్లు వస్తుంది.

ఎడిటర్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపి చూస్తే పాదం ఎక్కడ మందగించిందో తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల ఆ వీడియోలో అతుకుకు ఇరువైపులా నాలుగేసి ఫ్రేములు తీసేయగానే నడక కుదుటపడింది. రెండు ప్రాంప్టుల్లోనూ నడక దిశనూ కెమెరా కదలికనూ ఒకే మాటల్లో రాయడం కూడా తోడ్పడింది.

మూడో క్లిప్ నుంచి రంగులు ముదిరి, ముఖం మారసాగింది; ప్రతి క్లిప్‌లోని లోపమూ దాని చివరి ఫ్రేమ్ ద్వారా తర్వాతి దానికి సంక్రమిస్తుంది. అందుకని అతుకు చిత్రాలన్నిటినీ ఒకే మూల చిత్రం ఆధారంగా ముందే తయారు చేసుకుని, ఒక్కోదాన్ని ఒక క్లిప్‌కు చివరి ఫ్రేమ్‌గా, తర్వాతి క్లిప్‌కు మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చాను. రెండు చిత్రాల మధ్య దూరం 5 సెకన్లలో నడవగలిగినంతే ఉండాలి, లేకపోతే మనిషి నడవడానికి బదులు జారినట్టో కరిగి మారినట్టో కనిపిస్తుంది.