బుకోల్జ్ అలారం మోగింది, ట్రిప్ కాలేదు: నా అనుభవం

ఆయిల్ ఫిల్టరేషన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జ్ చేసిన మూడో రోజు, ట్యాంక్‌కీ పైనుండే ఆయిల్ డ్రమ్ము కన్జర్వేటర్‌కీ మధ్య పైపులో లోపలి లోపాల్ని పట్టే బుకోల్జ్ రిలే నుంచి అలారం వచ్చింది. ట్రిప్ మాత్రం కాలేదు, అంటే సప్లై దానంతటదే ఆగలేదు. టెన్షన్ పడ్డాను గానీ ఈ తేడానే చాలా చెబుతుంది. గ్యాస్ మెల్లగా పైకి చేరి రిలేలో ఆయిల్‌ని కిందికి నెడితే పై ఫ్లోట్ దిగి అలారం ఇస్తుంది. లోపల ఆర్క్ వచ్చి ఆయిల్ ఒక్కసారిగా కన్జర్వేటర్ వైపు దూసుకెళితే కింది ఫ్లాప్ కదిలి ట్రిప్ చేస్తుంది (ఆయిల్ బాగా లీకై లెవెల్ పడిపోయినా ట్రిప్ అవుతుంది).

రిలే గాజు కిటికీలో గ్యాస్ కనిపించింది, రంగు లేదు. వెంటనే వదిలేయకుండా సిరంజిలో శాంపిల్ తీశాం, వాసన కూడా లేదు. అయినా రంగు, వాసన లేవని గాలే అనుకోకూడదు, హైడ్రోజన్‌కీ అవి ఉండవు. అందుకే గ్యాస్‌నీ, ఆయిల్‌నీ ల్యాబ్‌కి పంపాం. గ్యాస్‌లో దాదాపు అంతా నైట్రోజన్, ఆక్సిజన్, ఆయిల్‌లో లోపల లోపముంటే పుట్టే హైడ్రోజన్, ఎసిటిలీన్ పెరగలేదు. అంటే ఫిల్టరేషన్‌లో చిక్కుకున్న గాలి.

రిలే మీదుండే చిన్న వాల్వ్ పెట్‌కాక్ తెరిచి ఆయిల్ వచ్చేదాకా గాలి వదిలాం. వారం తర్వాత ఇంకొంచెం చేరింది, ఆ తర్వాత ఆగిపోయింది. రోజురోజుకీ త్వరగా చేరుతుంటే మాత్రం నేను సప్లై ఆపేసేవాణ్ణి. ట్రిప్ అయితే టెస్టులు అయ్యేదాకా మళ్లీ ఛార్జ్ చేయను.